ఇంజనీరింగ్ పరీక్షకు సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఎంచుకోవడం ఎలా

పోయిన జూన్‌లో పుత్తూరు నుంచి ఒక తండ్రి తన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని తిరుపతికి వచ్చి, గాంధీ రోడ్డులో అంగడికి వెళ్లే ముందు మా ఇంటికి వచ్చారు. పెద్దమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం ఎలక్ట్రికల్ చదువుతోంది, గేట్‌తో పాటు యూపీఎస్సీ వారి ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష కూడా రాయాలని ఆమె ఉద్దేశం. చిన్నవాడు ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చాడు, మరుసటి ఏడాది ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రాయాలి. "ఇద్దరికీ చెరొకటి కొనిద్దామనుకుంటా ఉండాను సార్, ఏది మంచిదో చెప్పండి" అన్నారాయన. ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందు వేరే ప్రశ్న ఒకటి అడగాలి, అదేమిటంటే ఆ పిల్లలు రాసే పరీక్ష గదిలోకి క్యాలిక్యులేటర్‌ను అసలు రానిస్తారా అన్నది. మీరు కూడా డబ్బు తీసే ముందు అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొదట పరీక్ష నియమం చూడండి

ఇంటర్ తర్వాత బీటెక్‌లో చేరడానికి మన పిల్లలు రాసే ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, జేఈఈ అడ్వాన్స్‌డ్ పరీక్షల్లో దేనిలోనూ క్యాలిక్యులేటర్‌కు అనుమతి లేదు. డిప్లొమా ముగించి నేరుగా రెండో సంవత్సరంలో చేరడానికి రాసే ఈసెట్‌లోనూ లేదు. 2026 జేఈఈ మెయిన్ సమాచార పుస్తికలో కంప్యూటర్ తెరపైన క్యాలిక్యులేటర్ ఉంటుందని పొరపాటున అచ్చవడంతో చాలామంది ఆశపడ్డారు గానీ, అది తప్పుగా పడిందని, ఆ సౌకర్యం లేదని ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ తర్వాత సవరణ ఇచ్చింది. కాబట్టి ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకుండా, జేఈఈ మెయిన్‌కు jeemain.nta.nic.in లోనూ, రాష్ట్ర సెట్‌లకు cets.apsche.ap.gov.in లోనూ ఆ ఏడాది పుస్తికను దింపుకొని, పరీక్ష గదిలోకి తేకూడని వస్తువుల పేరా చదవండి. తర్వాత సవరణ ఏదైనా వచ్చిందేమో కూడా చూడండి.

ఈ కారణంగా ఆ చిన్నవాడికి క్యాలిక్యులేటర్ వద్దని నేను గట్టిగా చెప్పాను, ఇందులో డబ్బు ఆదా కంటే పెద్ద విషయం ఉంది. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ విభాగంలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషానికి కాస్త ఎక్కువ సమయం దొరుకుతుంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు వర్గమూలాలు, సంవర్గమానాలు, భిన్నాల గుణకారాలు మీటలు నొక్కి చేసుకునే అలవాటు పడిన పిల్లవాడు, పరీక్షలో √2, √3, log 2, log 3 విలువలు గుర్తుకు తెచ్చుకోవడానికే తడబడతాడు. డిప్లొమా పిల్లల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే పాలిటెక్నిక్‌లో క్యాలిక్యులేటర్ వారి చేతిని వదలదు. ఈసెట్‌కు సిద్ధమయ్యేవారు కనీసం చివరి మూడు నెలలు దాన్ని పెట్టెలో పెట్టేసి, కాగితం మీదే లెక్క చేయడం అలవాటు చేసుకోవాలి.

గేట్ రాసేవారి సంగతి వేరు

గేట్‌లో క్యాలిక్యులేటర్ ఉంటుంది గానీ అది మీది కాదు. 2016 నుంచి పరీక్ష తెరపైనే ఒక సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఇస్తున్నారు, సొంతది లోపలికి తీసుకుపోకూడదు. దాన్ని మౌస్‌తో నొక్కుతూ వాడాలి. అందులో సమీకరణాలు సాధించే సౌకర్యం, మాత్రికలు, సమాకలనం, సంకీర్ణ సంఖ్యలు ఏవీ ఉండవు. కాబట్టి గేట్ కోసమని ఖరీదైన మోడల్ కొనడంలో ఏ ప్రయోజనమూ లేదు. ఇంట్లో ఆ మోడల్‌తో చేసుకున్న సాధన పరీక్ష రోజున చేతికి అడ్డుపడుతుంది కూడా.

ఆ తేడా ఎంత ఉంటుందో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. ఒక వలయంలో ప్రేరకత్వం 10 మిల్లీహెన్రీలు, కెపాసిటెన్స్ 1 మైక్రోఫారడ్ అనుకుందాం, అనునాద పౌనఃపున్యం కావాలి. సూత్రం ఇది:

```
f = 1 / (2π√(LC))
```

చేతిలోని కాసియో మీద దీన్ని సూత్రం ఎలా ఉందో అలాగే ఎడమ నుంచి కుడికి కొట్టి `=` నొక్కితే 1591.549 హెర్ట్జ్ వస్తుంది. తెరపై క్యాలిక్యులేటర్‌లో వర్గమూలం వంటి వాటికి ముందు సంఖ్య, తర్వాత మీట అన్న క్రమం పాటించాలి కనుక, లెక్కను లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ రావాలి. ముందు 0.01ని 0.000001తో గుణించి `=` నొక్కాలి, వచ్చినదానికి వర్గమూలం మీట నొక్కితే 0.0001 వస్తుంది, దాన్ని 2తోనూ π తోనూ గుణించి `=` నొక్కాక, చివరికి 1/x మీట నొక్కితే అదే 1591.549 వస్తుంది. పద్ధతి తెలిసినవారికి ఇది కష్టం కాదు, కానీ మూడేళ్లు ఎడమ నుంచి కుడికి కొట్టడానికి అలవాటు పడిన వేలు మొదటిసారి ఇక్కడ తప్పకుండా పొరబడుతుంది. గేట్ నిర్వహించే సంస్థ ప్రతి ఏడాదీ మారుతుంది, ఆ ఏడాది నిర్వహిస్తున్న సంస్థ వెబ్‌సైట్‌లోని నమూనా పరీక్ష తెరచి, అందులోని క్యాలిక్యులేటర్‌తోనే పాత ప్రశ్నపత్రాలు చేయండి.

సొంత క్యాలిక్యులేటర్ నిజంగా ఎక్కడ కావాలి

పుత్తూరు అమ్మాయికి దాని అవసరం రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆమె బీటెక్ సెమిస్టర్ పరీక్షలు. రెండు, ఇంజనీరింగ్ సర్వీసెస్ మెయిన్స్. ఆ పరీక్షలో ప్రిలిమినరీ ఆబ్జెక్టివ్ పద్ధతిలో ఉంటుంది, అక్కడ క్యాలిక్యులేటర్ నిషిద్ధం. మెయిన్స్‌లో అభ్యర్థి తన బ్రాంచికి సంబంధించిన రెండు వ్యాసరూప పత్రాలు, ఒక్కొక్కటి 300 మార్కులకు, మూడేసి గంటలు రాస్తారు. అక్కడ మాత్రమే బ్యాటరీతో నడిచే, ప్రోగ్రామ్ చేయడానికి వీలులేని చేతి క్యాలిక్యులేటర్‌ను అనుమతిస్తారు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. అంగట్లో చాలామంది "పరీక్షకు అనుమతించిన మోడల్ ఇవ్వండి" అని అడుగుతారు, అంగడివారు ఏదో ఒకటి చేతిలో పెట్టి "ఇదే" అంటారు. యూపీఎస్సీ నియమం క్యాలిక్యులేటర్ రకాన్ని చెబుతుందే తప్ప మోడల్ పేర్లు చెప్పదు. పేర్లతో జాబితా ఇచ్చే పరీక్షలు ఉన్నాయి, ఉదాహరణకు అమెరికాలో ఇంజనీర్ల లైసెన్సు పరీక్షకు కాసియోలో fx-115, fx-991 అన్న అక్షరాలు పేరులో ఉన్నవాటిని మాత్రమే రానిస్తారు. మన దగ్గర కొన్ని విశ్వవిద్యాలయాలు, స్వయంప్రతిపత్తి కళాశాలలు తమ సెమిస్టర్ పరీక్షలకు మోడల్ పేర్లు సూచిస్తాయి గనుక, మీ హాల్ టికెట్ వెనుక ఉన్న సూచనలు, మీ కళాశాల పరీక్షల విభాగం నోటీసు రెండూ చదివి, ఏదైనా పేరు ఉంటే అక్షరం పొల్లుపోకుండా రాసుకొని అంగడికి వెళ్లండి.

ప్రోగ్రామ్ చేయగలది ఏది, చేయలేనిది ఏది అన్నది గుర్తించడం కష్టం కాదు. కాసియోలో fx-3650P, fx-5800P వంటి పేర్ల చివర P అక్షరం ఉన్నవి ప్రోగ్రామ్ చేయగలవి, పెద్ద తెర మీద గ్రాఫులు గీసేవి కూడా అదే కోవలోకి వస్తాయి, వాటి జోలికి పోవద్దు. అయితే fx-991ES PLUS అన్న పేరులో PLUS అని ఉండడం చూసి కంగారు పడవద్దు, ఆ P వేరు, ఈ P వేరు. 991 వరుసలోని MS, ES PLUS, EX, CW నాలుగూ ప్రోగ్రామ్ చేయలేనివే.

ఏ మోడల్ అన్నది మీ లెక్కలే చెప్పాలి

డబ్బా మీద ఎన్ని ఫంక్షన్లు అని రాసి ఉంటుందో దాన్ని చూసి ఎంచుకోకండి. మీ బ్రాంచిలో వారం వారం ఎదురయ్యే మూడు రకాల లెక్కలు కాగితం మీద రాసుకొని, వాటిని ఏ మోడల్ చేయగలదో చూడండి. ఎలక్ట్రికల్ అమ్మాయికి నేను రాసిచ్చినవి ఇవి: రెండు ఇంపిడెన్సుల సమాంతర కలయిక, రెండు లేదా మూడు తెలియని విలువలున్న సమీకరణాలు, నిశ్చిత సమాకలనం.

అందరూ చవకగా దొరుకుతుందని కొనే fx-82MS ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. అందులో సంకీర్ణ సంఖ్యలు లేవు, సమీకరణాల మోడ్ లేదు, సమాకలనం లేదు. ఇంటర్, డిప్లొమా మొదటి సంవత్సరం అవసరాలకు అది సరిపోతుంది గానీ, బీటెక్ రెండో సంవత్సరం నెట్‌వర్క్ పాఠం దగ్గరే దాని పని అయిపోతుంది, అప్పుడు మళ్లీ ఇంకొకటి కొనాలి. fx-991MS మూడూ చేస్తుంది, కానీ దాని తెర మీద సూత్రం ఒకే వరుసలో కనిపిస్తుంది కాబట్టి పొడవైన భిన్నంలో కుండలీకరణం ఒకటి తప్పినా కంటికి ఆనదు. fx-991ES PLUS లో భిన్నం గీత పైనా కిందా, వర్గమూలం గుర్తు లోపల, పుస్తకంలో ఉన్నట్టే కనిపిస్తుంది. నా అనుభవంలో పరీక్ష ఒత్తిడిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం లెక్క తెలియక జరిగేవి కావు, కొట్టింది కనబడక జరిగేవి. అందుకే నేను దీన్నే సూచిస్తాను.

దీని తర్వాత వచ్చిన fx-991EX, ఇంకా కొత్తదైన fx-991CW లో తెర మరింత స్పష్టంగా ఉంటుంది, నాలుగు తెలియని విలువల సమీకరణాలు కూడా సాధిస్తాయి, చిన్న స్ప్రెడ్‌షీట్ ఉంటుంది, లెక్కను క్యూఆర్ కోడ్‌గా చూపుతాయి. మంచి యంత్రాలే, కానీ మెయిన్స్ జవాబులో మెట్లన్నీ కాగితం మీద చూపాలి కనుక ఆ అదనపు సౌకర్యాలతో వచ్చే మార్కులు లేవు. పైగా క్యూఆర్ కోడ్, స్ప్రెడ్‌షీట్ చూసి ఇన్విజిలేటర్ ఎవరైనా అభ్యంతరం చెబితే పరీక్ష మొదలయ్యే ముందు పదినిమిషాలు వాదనలో పోతాయి. CW లో మీటల అమరిక, మెనూలు పాతవాటికంటే పూర్తిగా మారాయి, అందుచేత ES PLUS కు అలవాటు పడినవారు పరీక్షకు దగ్గరలో దానికి మారవద్దు.

అంగట్లో నిలబడి చేయవలసిన పరీక్ష

నకిలీ కాసియోలు మార్కెట్లో చాలా ఉన్నాయి. పన్నెండేళ్ల కిందట మద్రాసులో రోడ్డు పక్క బండి మీద నేనే ఒకటి కొన్నాను, పెట్టె చూస్తే అసలుదానికి తేడా తెలియలేదు. ఒక్క సెమిస్టర్‌లో sin, cos మీటల మీద అక్షరాలు చెరిగిపోయాయి, తర్వాత 8 మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పడడం మొదలైంది. బిల్లు లేదు కాబట్టి ఎవరినీ అడిగేందుకు లేకపోయింది. అప్పటి నుంచి పిల్లల కోసం ఎవరు కొనబోయినా కింది నాలుగు లెక్కలు చీటీ మీద రాసిచ్చి, డబ్బు ఇచ్చేలోగా అక్కడే చేసి చూడమంటున్నాను. ఇవి fx-991ES PLUS కోసం రాసినవి.

ముందు `SHIFT` `9` `3` `=` `AC` నొక్కి అన్నీ మొదటి స్థితికి తెచ్చుకోండి, అప్పుడది డిగ్రీల్లో ఉంటుంది. తర్వాత `1÷2π=` అని, 2కూ π కూ మధ్య గుణకారం గుర్తు లేకుండా కొట్టండి, జవాబు 0.159 తో మొదలవ్వాలి. గుర్తు పెట్టి `1÷2×π=` అంటే ½π అని కనిపిస్తుంది, `S⇔D` నొక్కితే 1.570 వస్తుంది. గుర్తు వదిలేసిన గుణకారాన్ని ఈ యంత్రం భాగహారం కంటే ముందు చేస్తుంది గనుక ఆ తేడా. ఇది పరీక్షించడానికే కాదు, ఈ సంగతి తెలియకపోతే అనునాదం లెక్కలో పదింతల తేడా వచ్చినా ఎందుకో అర్థం కాదు.

రెండోది, `π×100000−314159=` కొట్టండి. కాసియో వారి పుస్తికలో ఈ యంత్రం π ను లోపల 3.14159265358980 గా పెట్టుకుంటుందని రాసి ఉంటుంది, కాబట్టి 0.26535898 రావాలి. లోపల తక్కువ అంకెలే దాచుకునే చవక చిప్పు ఉంటే జవాబు 0.26535 దగ్గర్లోనే తెగిపోతుంది.

మూడోది సంకీర్ణ సంఖ్యల లెక్క, ఇది ఆ అమ్మాయికి నిజంగా కావలసింది. `MODE` `2` నొక్కి, 3+4i, 6−8i అన్న రెండు ఇంపిడెన్సుల సమాంతర విలువ కొట్టండి, i కోసం `ENG` మీట నొక్కాలి:

```
(3+4i)×(6−8i)÷(9−4i)
```

జవాబు 4.639, దాని వెంట 2.062i దగ్గరగా రావాలి. భిన్నాల రూపంలో కనిపిస్తే `S⇔D` నొక్కితే దశాంశాల్లోకి మారుతుంది. ఇదే లెక్కను గేట్ తెరపై క్యాలిక్యులేటర్‌లో చేయాలంటే పరిమాణాలను విడిగా తీసుకొని 5ను 10తో గుణించి √97 తో భాగించాలి, 5.077 వస్తుంది, కోణాన్ని వేరుగా లెక్కగట్టాలి.

చివరిది సమాకలనం. `MODE` `1` తో మామూలు స్థితికి వచ్చి, `SHIFT` `MODE` `4` తో రేడియన్లకు మార్చి, sin X ను 0 నుంచి π వరకు సమాకలనం చేయండి. కాసేపు ఆలోచించి 2 చూపాలి. 0.0861 చూపితే యంత్రం నకిలీదని తొందరపడకండి, అది ఇంకా డిగ్రీల్లో ఉందని అర్థం. తెర పైభాగంలో D ఉందో R ఉందో చూసుకోండి.

ఈ నాలుగూ సరిగ్గా వచ్చాయంటే యంత్రం పని చేస్తోందని మాత్రమే తెలుస్తుంది, అసలుదని రుజువైనట్టు కాదు, ఎందుకంటే బాగా చేసిన నకిలీలు లెక్కల్లో దొరకవు. ఒక్క లెక్క తప్పితే మాత్రం దాన్ని అక్కడే వదిలేయవచ్చు. EX కొనేవారికి ఇంకొక సౌకర్యం ఉంది, మెనూ తెర మీద `SHIFT` `OPTN` నొక్కితే వచ్చే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూస్తే wes.casio.com చిరునామా తెరుచుకోవాలి. వేరే ఏ చిరునామా వచ్చినా తీసుకోవద్దు.

డబ్బా, బిల్లు, అంగడివాడు

ఇప్పుడు డబ్బా తిప్పి చూడండి. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే దిగుమతి వస్తువు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, వస్తువు తయారైన దేశం, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు కోసం ఫోను నంబరు ముద్రించి ఉండాలని 2011 తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. కాసియోకు మన దేశంలో ఆ పని చూసేది కాసియో ఇండియా కంపెనీ. ఈ వివరాలున్న చీటీ లేని డబ్బా, లేదా చీటీ ఉన్నా దిగుమతిదారు పేరు లేకుండా ధర మాత్రమే ఉన్న డబ్బా కనబడితే, లోపలున్నది అసలు యంత్రమే అయినా దానికి ఇక్కడ వారంటీ దొరకదు. డబ్బా మీది మోడల్ పేరు, యంత్రం ముఖం మీది పేరు, పుస్తిక మీది పేరు మూడూ ఒకటే కావాలి. "2nd edition" అన్న మాట ఒకచోట ఉండి మరోచోట లేకపోతే ఎందుకో అడగండి.

తర్వాత ధర. గరిష్ఠ ధర మీద కొంత తగ్గించి అమ్మడం మామూలే, గాంధీ రోడ్డులో అయినా చిత్తూరు బజారులో అయినా అడిగితే తగ్గిస్తారు. సగానికి సగం తగ్గిస్తానంటే మాత్రం వెనక్కి తగ్గండి, అంత లాభం వదులుకొని అసలు సరుకు అమ్మగలిగే చిల్లర వ్యాపారి ఉండడు.

బిల్లు అడగడానికి మొహమాటపడకండి, నకిలీ సరుకును బయటపెట్టేది చాలాసార్లు అదే. ముద్రించిన జీఎస్టీ బిల్లు కావాలని, దాని మీద మోడల్ పేరు పూర్తిగా రాయాలని కొనే ముందే చెప్పండి. "బిల్లు లేకుండా అయితే ఇంకో వంద తగ్గిస్తా" అంటే ఆ వందతో పాటు మీ వారంటీ కూడా పోతుందని తెలుసుకోండి. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి, మన ఆంధ్రప్రదేశ్ అంగడి అయితే 37, చెన్నై అంగడి అయితే 33. ఫోనులో gst.gov.in తెరిచి, పన్ను చెల్లింపుదారుని వెతికే చోట ఆ సంఖ్య కొడితే వ్యాపారం పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ ఇంకా అమలులో ఉందా రద్దయిందా అన్నది కనిపిస్తుంది. అంగడి బోర్డు మీద ఒక పేరు, అక్కడ మరో పేరు ఉండడం తప్పేమీ కాదు, ఎందుకంటే యజమాని సొంత పేరుతో రిజిస్టర్ చేసుకొని ఉండవచ్చు. కానీ చిరునామా వేరే ఊరిదైతే, రిజిస్ట్రేషన్ రద్దయి ఉంటే, ఆ బిల్లు కాగితం ముక్కే. ఆ సంఖ్య వ్యాపారి ఉన్నాడని చెబుతుంది తప్ప సరుకు అసలుదని చెప్పదు కాబట్టి, వారంటీ కార్డు మీద అంగడి ముద్ర, తేదీ కూడా వేయించుకోండి. ముద్ర వేయడానికి వెనకాడే వ్యాపారి దగ్గర కొనకండి.

ఆన్‌లైన్‌లో కొనేవారు సైటు పేరు చూసి నమ్మవద్దు, ఆ పేజీలో విక్రేత పేరు చూడండి. ఒకే సైటులో పదిమంది విక్రేతలు ఉంటారు. పార్శిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీసి పెట్టుకోండి, వాపసు గడువు ముగియకముందే పైన చెప్పిన నాలుగు లెక్కలూ, డబ్బా చీటీ పరిశీలనా పూర్తి చేయండి.

పుత్తూరు నుంచి వచ్చిన కుటుంబం ఆ రోజు రెండు అంగళ్లు తిరిగింది. మొదటి చోట ధర తక్కువే గానీ, డబ్బా మీద దిగుమతిదారు చీటీ లేదు, అడిగితే "ఇది మద్రాసు సరుకు, అట్లే వస్తుంది" అన్నారట. రెండో చోట ధర కొంచెం ఎక్కువైనా చీటీ ఉంది, బిల్లు మీద సంఖ్య 37 తో మొదలైంది, ఫోనులో చిరునామా ఆ వీధిదే చూపింది. నాలుగు లెక్కల్లో సమాకలనానికి మొదట 0.0861 వచ్చి అమ్మాయి గాబరా పడింది, తర్వాత తెర మీద D చూసి R కు మార్చుకుంది. ఒక్కటే fx-991ES PLUS కొన్నారు.

కొన్న తర్వాత మొదటి పది రోజులు

ఇంటికి వెళ్లగానే బిల్లును ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే వేడికి ముద్రించే కాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. డబ్బా పారేయకండి. మొదటి పది రోజులు రోజూ ఒక గంట పాత ప్రశ్నపత్రంతో వాడి, ప్రతి మీటా ఒకసారి నొక్కితే ఒకసారే పడుతోందో లేదో చూడండి. లోపం ఉంటే ఈ రోజుల్లోనే తెలుస్తుంది, అంగడివాడు కూడా ఈ రోజుల్లోనే సులభంగా మార్చి ఇస్తాడు. నకిలీ అని తేలి, బిల్లు ఉండి కూడా మార్చనంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 కు ఫోను చేయండి, బిల్లు ఫోటో, డబ్బా చీటీ ఫోటో సిద్ధంగా పెట్టుకోండి.

పరీక్ష రోజున పై మూత ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. కొందరు దాని లోపలి వైపు సూత్రాలు రాస్తారు కాబట్టి ఇన్విజిలేటర్లు దాన్ని తప్పక తిప్పి చూస్తారు, మీ మూత మీద పెన్సిలు గీత ఒక్కటి కనిపించినా అనవసరపు ప్రశ్నలు వస్తాయి. బయలుదేరే ముందు `SHIFT` `9` `3` `=` `AC` తో అన్నీ తుడిచి, మీ మొదటి పత్రంలో కావలసింది డిగ్రీలో రేడియన్లో అమర్చుకొని, `sin 30` కొట్టి చూడండి. డిగ్రీల్లో అయితే 0.5 లేదా దాని భిన్నరూపం ½ రావాలి, −0.988 వస్తే అది రేడియన్లలో ఉంది.